క్యాలెండర్‌లో తొమ్మిది గళ్లు

మా అక్క కూతురు ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతోంది. ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక రఫ్ పుస్తకం పట్టుకుని గోడ క్యాలెండర్ ముందు కుర్చీ వేసుకుని కూర్చుంది. మూడు వరుసల నిర్ధారకాలు విస్తరించడం అలవాటు కావాలని తనకు తానే లెక్కలు ఇచ్చుకుంటోంది. సంఖ్యలు ఎక్కడినుంచో తేవాలి కదా, క్యాలెండర్‌లో పక్కపక్కనే ఉన్న తొమ్మిది తేదీలు తీసుకుంది.

```
|  8   9  10 |
| 15  16  17 |
| 22  23  24 |
```

సున్నా వచ్చింది. ఎక్కడో తప్పు చేశాననుకుని చెరిపేసి, ఇంకో చోటినుంచి తొమ్మిది తేదీలు తీసింది. మళ్లీ సున్నా. మూడోసారి 3, 4, 5తో మొదలుపెట్టి చేస్తే −112 వచ్చింది. అప్పటికి ముఖం వికసించింది.

"మావయ్యా, మొదటి రెండూ తప్పు చేశాను. ఇప్పుడు సరిగ్గా వచ్చింది చూడు."

తప్పయింది ఆ మూడోదేనమ్మా అంటే నమ్మలేదు. పుస్తకం తిప్పి చూస్తే, విస్తరణలో రెండో పదం ముందు రుణ గుర్తు ఉంటుంది కదా, బ్రాకెట్‌లో 190 − 204 కూడా రుణమే అయింది. రుణం రుణం కలిసి +56 కావాలి. తను −56 రాసింది. −21, +56, −35 కలిపితే సున్నా. గుర్తు తప్పితే −112.

లెక్క సరిగ్గా చేసినప్పుడు అనుమానించి, తప్పు చేసినప్పుడు నమ్మింది. దీనికి కారణం తన తెలివితక్కువతనం కాదు. గుణించడం మొదలుపెట్టే ముందు ఆ తొమ్మిది సంఖ్యల వంక ఒక్కసారి కూడా చూడలేదు, అంతే. పాతికేళ్లుగా ఇంటర్ పిల్లలకు లెక్కలు చెబుతూ, వాళ్ల పేపర్లు దిద్దుతూ నేను ఎక్కువగా చూసింది ఇదే. మాత్రికల ప్రశ్న కనిపించగానే చెయ్యి గుణకారానికి పోతుంది. కన్ను ఆ తరవాతెప్పుడో వస్తుంది.

క్యాలెండర్ సంగతే చూద్దాం. కింది వారంలో ప్రతి తేదీ పై వారం తేదీకి 7 ఎక్కువ. కాబట్టి మూడో అడ్డువరుసలోంచి రెండోదాన్ని తీసేస్తే 7, 7, 7 మిగులుతుంది. ఆ తరవాత రెండో వరుసలోంచి మొదటిదాన్ని తీసేసినా 7, 7, 7. రెండు వరుసలు ఒకటే అయ్యాయి కాబట్టి విలువ సున్నా. ఏ నెలయినా, ఏ తొమ్మిది గళ్లయినా ఇంతే. మన తెలుగు క్యాలెండర్లు కొన్నింటిలో వారాలు పైనుంచి కిందికి నడుస్తాయి, ఆది, సోమ, మంగళ అని ఎడమవైపు ఒకదాని కింద ఒకటి ఉంటాయి. అప్పుడు అడ్డువరుసలు నిలువువరుసలవుతాయి. అలా తిప్పి రాసినా నిర్ధారకం విలువ మారదు. ఏ కంపెనీ క్యాలెండర్ అయినా సున్నా తప్పించుకోలేదు.

ఇందులో రెండు ధర్మాలు వాడాం. ఒక వరుసలోంచి ఇంకో వరుసను తీసేస్తే విలువ ఎందుకు మారదు? రెండు వరుసల నిర్ధారకంలో చూస్తే వెంటనే తెలుస్తుంది. మొదటి వరుస a, b. రెండోది c, d. విలువ ad − bc. రెండో వరుసకు మొదటి వరుసను k రెట్లు కలిపితే c + ka, d + kb అవుతుంది. విలువ a(d + kb) − b(c + ka). ఇందులో kab ఒకసారి కలిసి, ఒకసారి పోతుంది. మిగిలేది పాత ad − bc. ఇక రెండు వరుసలు ఒకటైతే సున్నా ఎందుకు? ఏ రెండు వరుసలను తారుమారు చేసినా నిర్ధారకం గుర్తు మారుతుంది. ఒకేలా ఉన్న రెండింటిని తారుమారు చేస్తే మారిందేమీ లేదు, కానీ గుర్తు మారి తీరాలి. తనకు తానే రుణమైన సంఖ్య సున్నా తప్ప ఇంకోటి లేదు.

సున్నా అవునని చూపించడానికి ఇది సరిపోయింది. మరి సున్నా కాదని గుణించకుండా చెప్పాలంటే? కింది మాత్రికకు విలోమం ఉందా అని అడిగారనుకోండి.

```
| 2023    46    88 |
|   14  1857    62 |
|   30    74  1999 |
```

నిర్ధారకం సున్నా కాకపోతేనే విలోమం ఉంటుంది. దీన్ని విస్తరించడానికి కూర్చుంటే కాగితం నిండిపోతుంది. కానీ ప్రధాన వికర్ణం మీద ఉన్న మూడూ బేసి సంఖ్యలు, మిగిలిన ఆరూ సరి సంఖ్యలు. మూడు వరుసల నిర్ధారకంలో మొత్తం ఆరు పదాలుంటాయి. ప్రతి పదమూ ఒక్కో అడ్డువరుసనుంచి, ఒక్కో నిలువువరుసనుంచి ఒక్కో సంఖ్యను తీసుకుని గుణిస్తే వచ్చేది. వికర్ణం మీది పదంలో మూడూ బేసి కాబట్టి ఆ పదం బేసి. మిగిలిన అయిదింటిలో ప్రతిదానిలోనూ సరి సంఖ్య వచ్చి పడుతుంది కాబట్టి అవన్నీ సరి. బేసికి సరి సంఖ్యలెన్ని కలిపినా, తీసినా బేసే. సున్నా సరి సంఖ్య. కాబట్టి ఈ నిర్ధారకం సున్నా కాదు, విలోమం ఉంది. దాని విలువ ఎంతో మనకు తెలియదు, అడగనూ లేదు.

ఇది ఒక వైపుకే పనిచేస్తుందని మాత్రం మరచిపోకూడదు. లెక్క చూసి విలువ సరి సంఖ్య అని తేలితే అది సున్నా కావచ్చు, రెండు కావచ్చు, రెండు వేలు కావచ్చు. అప్పుడు ఇంకో దారి చూసుకోవాల్సిందే.

సంఖ్యల సంగతి అలా ఉంచితే, పిల్లలను ఎక్కువగా భయపెట్టేవి a, b, c ఉన్న నిర్ధారకాలు. ఇంటర్ గణితం 1Aలో ఏళ్ల తరబడి ఏడు మార్కుల ప్రశ్నగా తిరుగుతున్న వాటిలో ఇదొకటి.

```
| a-b-c    2a      2a   |
|  2b     b-c-a    2b   |  =  (a+b+c)³
|  2c      2c     c-a-b |
```

దీన్ని నేరుగా విస్తరించేవాళ్లను చూశాను. వికర్ణం మీది పదం ఒక్కదానిలోనే మూడు బ్రాకెట్లు, ఒక్కోదానిలో మూడు అక్షరాలు; గుణిస్తే ఇరవై ఏడు ముక్కలు. పేజీన్నర తరవాత ఎక్కడో ఒక abc జారిపోతుంది. చివరి వరుసలో మాత్రం అందరికీ (a+b+c)³ వస్తుంది, ఎందుకంటే రావాల్సింది ప్రశ్నలోనే రాసి ఉంది! దిద్దేవాడికి ఆ చివరి దూకుడు కనిపించదనుకుంటారు. కనిపిస్తుంది.

ఇప్పుడు గుణించకుండా దాన్ని చూద్దాం. సమాధానంలో a + b + c ఉంది. అది సున్నా అయితే ఏమవుతుంది? b + c విలువ −a అవుతుంది. మొదటి గడిలోని a − b − c కాస్తా 2a. అలాగే b − c − a అంటే 2b, c − a − b అంటే 2c. మూడు నిలువువరుసలూ 2a, 2b, 2c అయి కూర్చుంటాయి. రెండు ఒకటైతేనే సున్నా, ఇక్కడ మూడూ ఒకటే. రెండు నిలువువరుసలు ఒకటైనందుకు (a+b+c) ఒక కారణాంకం. మూడోది కూడా అదే అయినందుకు ఆ కారణాంకం మరోసారి వస్తుంది. అంటే (a+b+c)² ఖాయం.

ఆరు పదాల్లో ప్రతిదీ మూడు అక్షరాల గుణకారమే, అంటే మొత్తం ఘాతం 3. రెండు ఘాతాలు అయిపోయాయి, ఇంకొకటి మిగిలింది. అక్షరాల్లో a, b లను తారుమారు చేస్తే మొదటి రెండు అడ్డువరుసలూ, మొదటి రెండు నిలువువరుసలూ తారుమారైనట్టే. గుర్తు రెండుసార్లు మారి మొదటికి వస్తుంది. కాబట్టి మిగిలిన కారణాంకంలో a, b, c లకు సమాన హోదా ఉండాలి. అది k(a+b+c) తప్ప వేరే కాలేదు. k ఎంతో తేల్చడానికి a = 1, b = c = 0 పెట్టండి. మొదటి అడ్డువరుస 1, 2, 2. రెండోది 0, −1, 0. మూడోది 0, 0, −1. వికర్ణం కింద అన్నీ సున్నాలే కాబట్టి విలువ 1 × (−1) × (−1) = 1. k = 1. ప్రశ్న అయిపోయింది.

పరీక్షలో ఇలా రాస్తే మార్కులు వేస్తారా అని పిల్లలు అడుగుతారు. తర్కం పూర్తిగా రాస్తే తప్పు పట్టడానికి ఏమీ లేదు. అయినా దిద్దేవాళ్ల అలవాటు వేరు, కాబట్టి కాగితం మీద వరుసల పద్ధతే పెట్టమంటాను. అందుకు దారి కూడా పై పరిశీలనే చూపిస్తుంది. a + b + c బయటికి రావాలని ముందే తెలుసు కాబట్టి, అది కనిపించేలా మూడు అడ్డువరుసలనూ మొదటిదానిలో కలుపుతాం. మొదటి నిలువువరుసలో a − b − c + 2b + 2c, అంటే a + b + c. మిగిలిన రెండింటిలోనూ అదే. దాన్ని బయటికి తీస్తే మొదటి వరుస 1, 1, 1. ఇప్పుడు రెండో, మూడో నిలువువరుసల్లోంచి మొదటిదాన్ని తీసేస్తే ఇలా మిగులుతుంది.

```
        |  1       0          0     |
(a+b+c) | 2b   -(a+b+c)       0     |
        | 2c       0      -(a+b+c)  |
```

వికర్ణం పైన అంతా సున్నాలు. విలువ (a+b+c)³. మొత్తం అయిదు వరుసల్లో అయిపోతుంది. "మూడు వరుసలూ కలపాలని ఎలా తడుతుంది సార్?" అన్న ప్రశ్న ప్రతి ఏడాదీ వస్తుంది. ఊరికే తట్టదు. ఏది సున్నా అయితే వరుసలు ఒకటవుతాయో ముందు చూసుకుంటే, ఏం బయటికి రావాలో తెలుస్తుంది. అది తెలిస్తే ఏం కలపాలో తెలుస్తుంది.

ఇదే చూపుతో వాండర్‌మాండ్ పేరుతో పిలిచే నిర్ధారకం ఇంకా తేలిక. అడ్డువరుసలు 1, a, a². 1, b, b². 1, c, c². a, b సమానమైతే రెండు వరుసలు ఒకటే, కాబట్టి (a−b) కారణాంకం. అలాగే (b−c), (c−a). ఘాతం మూడే, మూడు కారణాంకాలూ దొరికాయి. వికర్ణం మీది పదం bc², దాని గుణకం 1. (a−b)(b−c)(c−a)లో bc² గుణకం చూస్తే (−b)(−c)(c), అదీ 1. కాబట్టి ముందు వేరే సంఖ్య అక్కర్లేదు.

ఎంసెట్‌లాంటి పరీక్షలో ఈ చూపుకు ఇంకో ఉపయోగం ఉంది. అక్కడ మూడు గంటల్లో 160 ప్రశ్నలు, అందులో 80 లెక్కలవే. సగటున ఒక్కో ప్రశ్నకు దక్కేది నిమిషం పైన ఏడెనిమిది సెకన్లు. నాలుగు జవాబులూ ఎదురుగా ఉంటాయి కాబట్టి చిన్న సంఖ్యలు పెట్టి తప్పుడు జవాబులను ఏరేయవచ్చు. కానీ సంఖ్యల ఎంపికలో జాగ్రత్త కావాలి. వాండర్‌మాండ్‌లో a, b, c మూడింటికీ 1 పెడితే నిర్ధారకం సున్నా, నాలుగు జవాబులూ సున్నా, తేలిందేమీ లేదు. 0, 1, 2 పెడితే నిర్ధారకం 2. (a−b)(b−c)(c−a) కూడా 2. చివరి కారణాంకం (a−c)గా ఉన్న జవాబు −2 ఇస్తుంది, పోతుంది. గుర్తులో పొరపాటు పట్టాలంటే అక్షరాలకు వేరువేరు విలువలు పెట్టాల్సిందే.

గుర్తు అన్నాక ఒక పాత సంగతి. a, b, c. b, c, a. c, a, b అడ్డువరుసలుగా ఉన్న నిర్ధారకం విలువ a³ + b³ + c³ − 3abc అని ధైర్యంగా రాసేవాళ్లు ప్రతి తరగతిలోనూ ఉంటారు. a = 1, మిగిలినవి సున్నా పెట్టి చూడండి. నిర్ధారకం −1 వస్తుంది, వాళ్ల జవాబు +1. అసలు విలువ 3abc − a³ − b³ − c³. ఈ తప్పు అంతకాలం బతకడానికి కారణం, పుస్తకంలో ఎక్కువగా కనిపించే ప్రశ్నలో ఆ నిర్ధారకానికి వర్గం ఉంటుంది. వర్గం చేస్తే గుర్తు మాయమవుతుంది.

ధర్మాలు వాడినంత మాత్రాన తప్పులు రావని కాదు. వాటి తప్పులు వాటికున్నాయి, పైగా చూడటానికి అందంగా ఉంటాయి. అన్నింటికంటే మోసపూరితమైనది ఇది. విద్యార్థి ఒకే అడుగులో R₁ → R₁ − R₂, R₂ → R₂ − R₃, R₃ → R₃ − R₁ అని రాస్తాడు. మూడూ న్యాయమైన పనుల్లాగే కనిపిస్తాయి. ఇలా చేస్తే ప్రపంచంలోని ప్రతి నిర్ధారకమూ సున్నా అవుతుంది! కొత్త వరుసలు మూడూ కలిపి చూడండి, అన్నీ కొట్టుకుపోయి సున్నా మిగులుతుంది. యూనిట్ మాత్రిక తీసుకోండి, దాని నిర్ధారకం 1 అని అందరికీ తెలుసు. ఈ పని చేశాక వరుసలు 1, −1, 0. 0, 1, −1. −1, 0, 1 అవుతాయి, విలువ సున్నా.

తప్పెక్కడంటే, ఒకసారి R₁ మారిపోయాక పాత R₁ లేదు. మూడో పనిలో R₃లోంచి తీయాల్సింది కొత్త R₁ను. ఒకదాని తరవాత ఒకటి చేస్తే ఈ ఇబ్బంది రాదు. క్యాలెండర్ లెక్కలో నేను ముందు మూడో వరుసను మార్చి, ఆ తరవాతే రెండోదాన్ని ముట్టుకున్నది అందుకే. రెండో వరుసనే ముందు మార్చి ఉంటే, మూడో వరుసలోంచి తీయడానికి పాత రెండో వరుస ఉండేది కాదు. కాబట్టి అనుకోకుండా సున్నా వచ్చినప్పుడు సంతోషించే ముందు, మూడు వరుసలనూ ఒకే దెబ్బలో గుండ్రంగా తిప్పామేమో చూసుకోవాలి.

రెండో తప్పు, R₁ → 2R₁ − R₂ అని రాసి విలువ మారలేదనుకోవడం. ఇక్కడ మార్చే వరుసనే రెండింతలు చేశాం, కాబట్టి విలువ కూడా రెండింతలు. బయట ½ పెట్టాలి. R₁ → R₂ − R₁ అని రాస్తే గుర్తు మారుతుంది. మారే వరుస ముందు 1 ఉంటేనే విలువ నిలకడగా ఉంటుంది.

మాత్రికకూ నిర్ధారకానికీ మధ్య గీత చెరిగిపోవడం వల్ల వచ్చేది ఇంకోటి. మాత్రికను 2తో గుణిస్తే ప్రతి సంఖ్యా రెండింతలవుతుంది. నిర్ధారకంలో 2 బయటికి రావాలంటే ఒక్క వరుస రెండింతలైతే చాలు. మూడు వరుసలూ రెండింతలైతే 2 మూడుసార్లు వస్తుంది. అందుకే మూడు వరుసల మాత్రికకు |2A| అంటే 8|A|. దీనిలోంచే ఒక చక్కటి ఫలితం పుడుతుంది. వికర్ణం మీద సున్నాలుండి, వికర్ణానికి అటూ ఇటూ ఉన్న సంఖ్యలు ఒకదానికొకటి రుణాలైన మాత్రికను తిప్పి రాస్తే −A వస్తుంది. తిప్పితే నిర్ధారకం మారదు, కానీ −A నిర్ధారకం −1 మూడుసార్లు బయటికొచ్చి −|A|. కాబట్టి విలువ సున్నా, లోపల ఏ సంఖ్యలున్నా సరే. రెండు వరుసల మాత్రికకు ఇది చెల్లదు. 0, 5, −5, 0 తీసుకుంటే విలువ 25. వరుసల సంఖ్య బేసి అయితేనే ఈ మాట నిలుస్తుంది.

ఏ బంధుత్వమూ లేని తొమ్మిది చిన్న సంఖ్యలు ఇస్తే మాత్రం ఇవన్నీ వెతుక్కుంటూ కూర్చోకూడదు. మూడు వరుసల నిర్ధారకం విస్తరణకు తొమ్మిది గుణకారాలే పడతాయి. అర నిమిషం చూసి ఏమీ కనిపించకపోతే విస్తరించడమే మేలు. నాలుగు వరుసలైతే పదాలు 24, అక్కడ వరుసల పని చేసి సున్నాలు తెచ్చుకోక తప్పదు.

ఎన్‌సీఈఆర్‌టీ పన్నెండో తరగతి పుస్తకంలోంచి ఈమధ్య భారం తగ్గించే పేరుతో నిర్ధారకాల ధర్మాల విభాగాన్ని తీసేశారు. విస్తరణ మాత్రం ఉంచారు. నా దృష్టిలో తీయాల్సింది తీయకుండా, ఉంచాల్సింది తీసినట్టుంది. అయితే ధర్మాల పేరుతో పిల్లలచేత పాతిక నమూనాలు బట్టీ పట్టించిన మా తరం మాస్టర్లకు ఆ మార్పును తప్పుపట్టే హక్కు కాస్త తక్కువే.

ఇవన్నీ చెప్పేసరికి సాయంత్రం కాఫీ వేళయింది. అమ్మాయి మళ్లీ క్యాలెండర్ వంక చూస్తూ అడిగింది.

"మూడేసి గళ్లు తీస్తే సున్నా సరే. రెండేసి గళ్లు తీస్తేనో?"

"తీసి చూడు."

8, 9, 15, 16. ఎనిమిది పదహార్లు 128, తొమ్మిది పదిహేన్లు 135. −7. ఇంకో చోట 20, 21. 27, 28 తీసింది. 560 లోంచి 567 తీస్తే మళ్లీ −7. పేజీ తిప్పి వచ్చే నెలకు వెళ్లింది. కాసేపాగి, ఈసారి సంఖ్యలు రాయకుండా మొదటి గడికి a అని పేరు పెట్టి, పక్కన a + 1, కింద a + 7, a + 8 రాసుకుంటోంది.